నాలుగు కావాలంటే ఆరు ఇవ్వాలి: కుదించిన కన్ను, సర్దుకునే కటకం

(హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి బోర్డు కనిపిస్తోందా? కనిపించకపోతే మొహమాటం లేకుండా చెప్పండి. ఇవాళ మాట్లాడుకునేదే దాని గురించి.

మొదట ఒక చిన్న పని. చూపుడు వేలు ముఖానికి జానెడు కంటే కాస్త ఎక్కువ దూరంలో నిలబెట్టుకోండి. ఒక కన్ను మూసుకోండి. ఇప్పుడు వేలి మీది గీతలు చూడండి. వేలు కదపకుండానే, అదే కంటితో, అదిగో ఆ కిటికీ ఊచల్ని చూడండి. ఊచలు స్పష్టంగా కనిపించేసరికి వేలు అలుక్కుపోయిందా? మళ్ళీ వేలిని చూడండి. ఊచలు అలుక్కుపోయాయి కదా. ఎవరికైనా వేలి గీతలు ఎంత ప్రయత్నించినా కనిపించలేదా? ఆ చేతులెత్తినవాళ్ళందరూ నలభై అయిదు దాటినవాళ్ళే అయ్యుంటారు. నేనూ మీ జట్టే. మన సంగతి చివర్లో చూద్దాం.

వేలి నుంచి ఊచలకీ, ఊచల నుంచి వేలికీ మారినప్పుడు కంటిలో ఏదో మారింది. ఏం మారింది? మన పదో తరగతి పుస్తకంలో దీనికి జవాబు ఉంది, మీ అందరికీ కంఠతా వచ్చు. కటకానికీ రెటీనాకీ మధ్య దూరం 2.5 సెంటీమీటర్లు. దూరపు వస్తువును చూసేటప్పుడు నాభ్యంతరం 2.5 సెంటీమీటర్లు, 25 సెంటీమీటర్ల దగ్గర ఉన్నదాన్ని చూసేటప్పుడు 2.27 సెంటీమీటర్లు. అంతే కదా? దాన్ని సామర్థ్యంలోకి మార్చండి. 100ని 2.5తో భాగిస్తే 40 డయాప్టర్లు. 2.27తో భాగిస్తే 44. అంటే దూరం నుంచి దగ్గరకి చూపు మళ్ళితే కటకం సామర్థ్యం 4 డయాప్టర్లు పెరిగింది.

ఇందులో తప్పుందా? లెక్కలో లేదు. కానీ ఆ పుస్తకం పక్కన పెట్టి ఏ కంటి డాక్టరు గారినో అడగండి. కంటి మొత్తం సామర్థ్యం 60 దాకా ఉంటుంది అంటారు. అందులో కటకం వాటా 19, 20 అంటారు. మరి మన 40 ఎక్కడిది? 44 ఎక్కడిది? ఒక పిల్ల లేచి ఈ ప్రశ్న వేసిందనుకోండి, ఏం చెబుతాం? ఇవాళ నా ప్రయత్నమంతా ఆ పిల్లకి జవాబు చెప్పడమే.

అసలు కన్ను ఎలా ఉంటుంది? ముందు కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శకమైన పొర. దాని వెనక నీళ్ళలాంటి ద్రవం. ఆ వెనక కటకం. దాని వెనక జిగురులాంటి పదార్థం. చివరికి రెటీనా. కాంతి ఒక్కో తలం దగ్గరా కాస్త కాస్త వంగుతుంది. ఇన్ని తలాలకీ వరుసగా లెక్క వేసుకుంటూ పోతే తల బొప్పి కడుతుంది. స్వీడన్ దేశపు కంటి డాక్టరు గుల్‌స్ట్రాండ్ ఆ లెక్కంతా ఓపిగ్గా వేశాడు, 1911లో నోబెల్ కూడా అందుకున్నాడు. ప్రతి చిన్నదానికీ మనం అంత లెక్క వెయ్యలేం కదా.

అందుకే 19వ శతాబ్దంలోనే ఒక దారి కనిపెట్టారు. జర్మనీలో లిస్టింగ్ అని ఒకాయన. టోపాలజీ అన్న మాట పుట్టించినవాడు ఆయనే, గణితం మాస్టార్లకి తెలిసే ఉంటుంది. ఇన్ని తలాలెందుకు, అన్నీ కలిపి ఒక్క వంపు తలం పెడదాం అన్నాడు. ముందు గాలి, వెనకంతా నీళ్ళు, మధ్యలో ఒకే ఒక్క గుండ్రని తలం. విడిగా కటకమే లేదు. దీన్నే రెడ్యూస్డ్ ఐ అంటారు, మనం కుదించిన కన్ను అనుకుందాం. హాలండ్‌లో డాండర్స్ దాన్ని ఇంకా సులువు చేశాడు. 1864లో వచ్చిన ఆయన పుస్తకంలో తలం వ్యాసార్థం సరిగ్గా 5 మిల్లీమీటర్లు, లోపలి వక్రీభవన గుణకం 4/3, అంటే నీళ్ళదే. అన్నీ నోటి లెక్కకి లొంగే అంకెలు. తర్వాత ఎమ్స్లీ దాన్నే కాస్త సవరించి మొత్తం సామర్థ్యం సరిగ్గా 60 డయాప్టర్లు వచ్చేలా చేశాడు. ఇవాళ ఆప్టోమెట్రీ పిల్లలకి మేం ఎక్కువగా చెప్పేది ఆ 60 కన్నే.

మరి ఇన్ని తలాలున్నదాన్ని ఒక్క తలంగా కుదించవచ్చా? దబాయించి చెయ్యడం కాదా? కాదండీ. మందపాటి కటకాలకి ప్రధాన బిందువులు రెండు ఉంటాయని డిగ్రీలో చదువుకున్నాం. గుల్‌స్ట్రాండ్ లెక్క ప్రకారం కంటిలో ఆ రెండూ కార్నియా నుంచి 1.35 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, 1.60 దగ్గర ఒకటి ఉన్నాయి. మధ్య దూరం ఎంత? పావు మిల్లీమీటరు. ఆ పావు మిల్లీమీటరును వదిలేసి రెండింటినీ ఒకటి చేస్తే చాలు, ఒక్క తలం సరిపోతుంది. కుదించడం అంటే ఇక్కడ వదులుకున్నది ఆ పావు మిల్లీమీటరే.

ఎమ్స్లీ కన్ను బోర్డు మీద గీస్తున్నాను, చూడండి. వ్యాసార్థం 5.55 మిల్లీమీటర్లు. సామర్థ్యం ఎలా వస్తుంది? గుణకాల తేడాని వ్యాసార్థంతో భాగించాలి. 4/3 లోంచి 1 తీసేస్తే మూడో వంతు. మిల్లీమీటర్లలో ఉన్నాం కాబట్టి వెయ్యితో గుణిస్తే 333. దాన్ని 5.55తో భాగిస్తే 60. మరి రెటీనా ఎంత వెనక ఉండాలి? 1333ని 60తో భాగించండి, 22.2 మిల్లీమీటర్లు. ఈ కల్పిత తలం నిజం కార్నియాకి దాదాపు 1.7 మిల్లీమీటర్లు వెనక ఉంటుంది. రెండూ కలపండి, 23.9. మన కనుగుడ్డు పొడవు ఎంత? సుమారు 24 మిల్లీమీటర్లు. కల్పించిన కన్ను అసలు కంటిలో చక్కగా ఇమిడిపోయింది కదా!

ఒక మాస్టారు అడుగుతున్నారు, ఇక్కడ 1000 బదులు 1333 ఎందుకు అని. మంచి ప్రశ్న. పుస్తకంలో కటకానికి రెండు వైపులా గాలే. మన కంటిలో వెనక వైపు గాలి లేదు, నీళ్ళున్నాయి. రెటీనాకి చేరే కాంతి నీళ్ళలో ప్రయాణం చేస్తోంది. అందుకని దూరాన్ని గుణకంతో సరిచేసుకోవాలి. పుస్తకంలోని 40కీ డాక్టరు గారి 60కీ తేడా చాలావరకు ఇక్కడే ఉంది. పుస్తకం కంటిని గాలి నింపిన డబ్బా అనుకుంది, దాని పొడవునేమో 25 మిల్లీమీటర్లుగా తీసుకుంది. ఆ రెండూ సరిచేస్తే 40 కాస్తా 60 అవుతుంది.

ఇప్పుడు వేలి దగ్గరికి వద్దాం. వేలు 25 సెంటీమీటర్ల దగ్గర ఉంది. దూరపు కిటికీ నుంచి వచ్చే కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి. వేలి నుంచి వచ్చేవి విచ్చుకుంటూ వస్తాయి. ఎంతగా? 100ని 25తో భాగించండి, 4 డయాప్టర్లంతగా. అంటే ఆ విచ్చుకోవడాన్ని సరిచెయ్యడానికే కంటికి 4 డయాప్టర్లు ఖర్చవుతుంది. కన్ను సర్దుకోకుండా మొండికేసిందనుకుందాం. దాని 60 లోంచి 4 పోతే 56 మిగిలింది. 1333ని 56తో భాగిస్తే 23.8. ప్రతిబింబం 23.8 మిల్లీమీటర్ల దగ్గర ఏర్పడాలి. రెటీనా ఎక్కడుంది? 22.2 దగ్గరే ఉంది. 1.6 మిల్లీమీటర్లు తప్పింది.

1.6 మిల్లీమీటర్లంటే ఎంత, ఏమంత పెద్ద తప్పు అనిపిస్తుంది. చూద్దాం. కనుపాప వెడల్పు 3 మిల్లీమీటర్లు అనుకోండి. అక్కడి నుంచి బయల్దేరిన కాంతి శంకువు 23.8 దగ్గర ఒక చుక్క కావాల్సింది. దారిలో 22.2 దగ్గరే రెటీనా అడ్డొచ్చింది. అక్కడ శంకువు ఇంకా పూర్తిగా ముడుచుకోలేదు. సరూప త్రిభుజాల లెక్కే, 3ని 1.6తో గుణించి 23.8తో భాగిస్తే 0.2 మిల్లీమీటర్లు. చుక్క పడాల్సిన చోట 0.2 మిల్లీమీటర్ల వెడల్పున మరక పడింది. సరే, పేపర్లో అక్షరం ఎంత ఎత్తుంటుంది? 2 మిల్లీమీటర్లు అనుకుందాం. రెటీనా మీద దాని ప్రతిబింబం ఎంత? ఆ గుండ్రని తలం కేంద్రం గుండా పోయే కిరణం వంగదు, అక్కడి నుంచి రెటీనాకి 16.7 మిల్లీమీటర్లు. 2ని 16.7తో గుణించి 255తో భాగిస్తే 0.13 మిల్లీమీటర్లు. అక్షరమేమో 0.13, దానిలోని ఒక్కో చుక్క పరుచుకున్న మరకేమో 0.2! అక్షరం కంటే మరక పెద్దది. ఇక చదివేదేముంది?

ఇందాక వేలి గీతలు కనబడలేదన్నవాళ్ళ చేతికి ఒక అట్టముక్క ఇస్తున్నాను. దానికి గుండుసూదితో బెజ్జం పెట్టాను, సుమారు 1 మిల్లీమీటరు. కళ్ళద్దాలు తీసేసి, బెజ్జాన్ని కంటికి ఆనించుకుని, వెలుతురు పడేలా పేపరు పట్టుకుని చదవండి. చదవగలుగుతున్నారా, మేడమ్ గారూ? చదివేస్తున్నారు! ఏం జరిగింది? మీ కన్ను అలాగే ఉంది. 3 మిల్లీమీటర్ల కనుపాప బదులు 1 మిల్లీమీటరు బెజ్జం వచ్చింది. మరక మూడో వంతుకి తగ్గింది, 0.07 అయింది. అక్షరమేమో 0.13. ఇప్పుడు అక్షరం గెలిచింది. మందుల షాపులో మాత్రల షీటు మీద గడువు తేదీ చూడాల్సివస్తే మనం బయట ఎండలోకి తీసుకెళ్ళి చూస్తాం చూశారా, అదీ ఇదే. ఎండలో కనుపాప ముడుచుకుంటుంది, మరక చిన్నదవుతుంది. వెలుతురు పెరిగింది కాబట్టి కనిపిస్తోంది అనుకుంటాం, అది సగమే నిజం.

సరే, మొండికెయ్యని కన్ను ఏం చేస్తుంది? ఖర్చయిన 4 డయాప్టర్లనీ తెచ్చుకుంటుంది. 60 ఉన్నది 64 అవుతుంది. ఇక్కడొక తమాషా చూడండి. పుస్తకంలో 40 నుంచి 44. ఎమ్స్లీ కంటిలో 60 నుంచి 64. డాండర్స్ కంటిలో లెక్క వేసుకుంటే 66.7 నుంచి 70.7. ఏ నమూనా తీసుకున్నా తేడా మాత్రం 4. ఎందుకంటే ఆ 4 కంటిది కాదు, వేలి దూరానిది. 25 సెంటీమీటర్లు అన్నప్పుడే అది తేలిపోయింది. అందుకని పుస్తకంలో ఆ 4 సరైనదే, ఆ పిల్లకి ధైర్యంగా చెప్పవచ్చు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ 4 ఎవరిస్తారు అన్నప్పుడు. కుదించిన కంటిలో ఉన్నది ఒకే తలం. 64 రావాలంటే దాని వ్యాసార్థం 5.55 నుంచి 5.21కి తగ్గాలి, అంటే ముందు తలమే ఇంకాస్త ఉబ్బాలి. చూసేవాడికి ఏమనిపిస్తుంది? దగ్గర వస్తువును చూసినప్పుడు కార్నియా ఉబ్బుతుంది కాబోలు అనిపిస్తుంది. అలా అనుకున్నవాళ్ళు నిజంగానే ఉండేవారు, రెండు వందల ఏళ్ళ కిందట. కనుగుడ్డు పొడుగవుతుంది అన్నవాళ్ళూ ఉండేవారు. దీన్ని తేల్చినవాడు థామస్ యంగ్. మన యంగే, రెండు చీలికల ప్రయోగం యంగ్.

ఆయన ఏం చేశాడో చెప్పే ముందు ఒక మాట. మీలో పల్లెటూళ్ళో బావిలో ఈత కొట్టినవాళ్ళున్నారా? నీళ్ళలో కళ్ళు తెరిస్తే ఏం కనబడుతుంది? అంతా మసక. ఎందుకు? కార్నియా శక్తంతా గాలికీ దాని వెనక ద్రవానికీ ఉన్న తేడా వల్ల వచ్చింది. ముందూ నీళ్ళే, వెనకా నీళ్ళలాంటిదే అయితే వంపు ఉండి ఏం లాభం? మన కుదించిన కంటిని బావిలో ముంచండి. బయట 4/3, లోపల 4/3. సామర్థ్యం సున్నా. సున్నా! కానీ అసలు కన్ను సున్నా కాదు. లోపల కటకం ఉంది, దాని గుణకం చుట్టూ ఉన్న ద్రవం కంటే ఎక్కువ, అది నీళ్ళలో కూడా పనిచేస్తూనే ఉంటుంది. కుదించిన కన్ను ఎక్కడిదాకా నమ్మవచ్చో ఈ ఒక్క మునకతో తెలిసిపోతుంది.

యంగ్ కూడా కంటిని నీళ్ళలోనే ముంచాడు. ఒక చిన్న సూక్ష్మదర్శిని లోంచి కటకం తీసి, ఒక గొట్టానికి మైనంతో బిగించి, అందులో చన్నీళ్ళు పోసి, కార్నియా ఆ నీళ్ళలో మునిగేలా కంటికి ఆనించుకున్నాడు. కార్నియా పని ఆగిపోయింది. అది ఇచ్చే సామర్థ్యాన్ని బయటి కటకంతోనే తెచ్చుకున్నాడు, చాలకపోతే ఇంకొకటి జోడించాడు. ఇప్పుడు కార్నియా ఉబ్బినా, ఉబ్బకపోయినా ఒకటే కదా? అయినా ఆయన దగ్గరికీ దూరానికీ ఎప్పటిలాగే సర్దుకోగలిగాడు. కనుగుడ్డు పొడుగు మారదని ఇంకో ప్రయోగంతో చూపించాడు. శుక్లం తీయించుకుని కటకం లేనివాళ్ళని పరీక్షించాడు, వాళ్ళకి సర్దుబాటే లేదు. 1801లో అచ్చయింది ఇదంతా. దోషి కటకమే అని తేలింది.

కటకం ఎలా మారుతుందో 1855లో హెల్మ్‌హోల్ట్జ్ చెప్పాడు. ఇక్కడ మన పిల్లలు ఎప్పుడూ తిరగేసి రాస్తారు. కండరం కటకాన్ని నొక్కుతుంది, అందుకని అది ఉబ్బుతుంది అని రాస్తారు. కండరం కటకాన్ని ముట్టుకోదండీ. షామియానా ఊహించుకోండి. చుట్టూ గుంజలు, గుంజలకి తాళ్ళు, తాళ్ళకి గుడ్డ. తాళ్ళు బిగిస్తే గుడ్డ చదునుగా సాగుతుంది. గుంజలన్నీ ఒక అడుగు లోపలికి జరిపితే తాళ్ళు వదులై గుడ్డ దాని ఇష్టానికి అది వేలాడుతుంది. సిలియరీ కండరం ఒక వలయం. అది బిగుసుకుంటే వలయం చిన్నదవుతుంది, అంటే గుంజలు లోపలికి జరిగాయి. కటకాన్ని పట్టి లాగుతున్న సన్నని తంతువులు వదులవుతాయి. అప్పటిదాకా సాగదీసి ఉంచిన కటకం తన సహజమైన గుండ్రదనానికి వస్తుంది. కండరం కష్టపడితే కటకం హాయిగా ఉంటుంది, కండరం విశ్రాంతి తీసుకుంటే కటకం సాగి ఉంటుంది. అందుకే దగ్గర పనికే కళ్ళు లాగుతాయి, దూరం చూస్తే లాగవు.

ఎంత మారుతుంది? గుల్‌స్ట్రాండ్ అంకెలు చెబుతాను, నాలుగే, రాసుకోండి. పూర్తిగా సర్దుకున్నప్పుడు కటకం ముందు తలం వ్యాసార్థం 10 మిల్లీమీటర్ల నుంచి 5.33కి వస్తుంది. దాదాపు సగం. వెనక తలం 6 నుంచి 5.33కి, అంటే పెద్దగా కదిలిందేమీ లేదు. మందం 3.6 నుంచి 4.0 అవుతుంది. కార్నియాకీ కటకానికీ మధ్య ఖాళీ 3.6 నుంచి 3.2కి తగ్గుతుంది. చివరి రెండూ కలిపి చూడండి. మొదట 3.6, 3.6 కలిపితే 7.2. తర్వాత 3.2, 4.0 కలిపితే అదీ 7.2. అంటే కటకం వెనక అంచు ఉన్నచోటే ఉంది. ఉబ్బడమంతా ముందుకే, కనుపాప వైపుకే.

ఇప్పుడు అసలు ప్రశ్న. కంటికి 4 కావాలి. ఇచ్చేది కటకం. కటకం ఎంత పెరగాలి? నాలుగా? పదేళ్ళపాటు నేను కూడా క్లాసులో నాలుగే అని చెప్పాను. ఒకసారి మా విద్యార్థి బోర్డు దగ్గరికి వచ్చి లెక్క వేస్తే కాదని తేలింది. ఆ లెక్కే ఇప్పుడు వేద్దాం.

కార్నియా సామర్థ్యం 43. లోపలి ద్రవం గుణకం 1.336, అందుకని పైన 1336 పెట్టుకుందాం. దూరపు కిరణాలు వచ్చాయి. కార్నియా వాటిని వంచి, 31 మిల్లీమీటర్ల వెనక కలవండి అని పంపిస్తుంది. 1336ని 43తో భాగించాం, అంతే. కలిసే లోపల, 5.7 మిల్లీమీటర్లు వెళ్ళాక, కటకం ఎదురొస్తుంది. ఇంకా ఎంత మిగిలింది? పూర్తి అంకెలతో చేస్తే 25.4. ఆ దూరాన్ని తిరిగి డయాప్టర్లలోకి మార్చండి, 52.6. అంటే కటకం దగ్గరికి వచ్చేసరికి కిరణాలు 52.6 డయాప్టర్లంత ముడుచుకుని ఉన్నాయి. కటకం తన 19 కలుపుతుంది, అవి సరిగ్గా రెటీనా మీద కలుస్తాయి.

ఇప్పుడు వేలు. విచ్చుకుంటూ వచ్చాయి కాబట్టి కార్నియా 43 లోంచి 4 పోయి 39 మిగిలింది. 1336ని 39తో భాగిస్తే 34.3 మిల్లీమీటర్లు. అందులోంచి 5.7 పోతే 28.6. డయాప్టర్లలో 46.7. ముందెంత ఉంది? 52.6. ఇప్పుడు 46.7. లోటు ఎంత? 5.9! కార్నియా దగ్గర 4 ఉన్న లోటు కటకం దగ్గరికి వచ్చేసరికి 6 అయింది. రెటీనా కదలలేదు, కాబట్టి ఆ ఆరూ కటకమే పూడ్చాలి. అంటే 19 ఉన్నది 25 కావాలి.

ఎందుకిలా? కాస్త ఆలోచించండి. కటకం చేరేసరికి కాంతి గుత్తి సన్నబడింది, కార్నియా దగ్గర 31 ఉంటే ఇక్కడ 25.4, అంటే వెడల్పు 0.82 వంతే. సన్నటి గుత్తిలోని కిరణాలు కటకాన్ని నడుమకి దగ్గరగా తాకుతాయి, అందుకని తక్కువ వంగుతాయి. పైగా రెటీనా ఇక్కడికి దగ్గర, ఆ వంపు ఫలితం చూపడానికి జాగా కూడా తక్కువ. ఈ 0.82 రెండుసార్లు పడుతుంది, 0.82ని 0.82తో గుణిస్తే 0.67. కటకం చేసిన పనిలో మూడింట రెండు వంతులే బయటి వస్తువుకి లెక్కకి వస్తుంది. ఆరు ఇస్తే నాలుగు దక్కుతుంది.

దీన్ని గుల్‌స్ట్రాండ్ అంకెలతో సరిచూసుకోవచ్చు. పూర్తి సర్దుబాటులో ఆయన కటకం 19.1 నుంచి 33.1కి పెరిగింది, 14. మొత్తం కన్ను 58.6 నుంచి 70.6కి, 12. అప్పుడు కనిపించే అతి దగ్గరి బిందువు సుమారు 10 సెంటీమీటర్లు, అంటే దక్కింది 10. పద్నాలుగు ఇస్తే పది. నేను చెప్పిన నిష్పత్తి కంటే కాస్త నయం, ఎందుకంటే కటకం ముందుకి ఉబ్బి కార్నియాకి దగ్గరవుతుంది, అది కొంత కలిసొస్తుంది. నా లెక్కలో కటకాన్ని కదలకుండా ఉంచాను, అందుకని నా 25ని ఉజ్జాయింపుగానే తీసుకోండి.

కాబట్టి ఆ పిల్లకి ఏం చెబుతాం? 40 నుంచి 44 అన్నది కన్నంతా ఒకే కటకం, చుట్టూ గాలి అనుకుంటే. 60 నుంచి 64 అన్నది కన్నంతా ఒకే తలం, లోపల నీళ్ళు అనుకుంటే. లోపలున్న నిజం కటకం మాత్రం 19 నుంచి 25. మూడూ ఒకే వేలి గురించి. పరీక్షలో మొదటిది రాయమనండి, మార్కులు దానికే.

ఇక మన జట్టు సంగతి. వయసుతో పాటు కటకం బిరుసెక్కుతుంది. కండరం బిగుసుకున్నా, తంతువులు వదులైనా, అది గుండ్రబడదు. ఏ వయసులో సగటున ఎన్ని డయాప్టర్లు సర్దుకోగలమో చెప్పడానికి హాఫ్‌స్టెటర్ అని ఒకాయన ఒక సూత్రం ఇచ్చాడు. 18.5 లోంచి వయసులో 0.3 వంతు తీసెయ్యాలి. పదిహేనేళ్ళ పిల్లాడికి 14. అందుకే వాడు పుస్తకంలో ముక్కు పెట్టి చదవగలడు. నలభై అయిదుకి 13.5 పోతే 5 మిగులుతుంది. పేపరు 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే కావలసింది 2.5. అయిదు ఉంది కదా, మరి ఇబ్బంది ఎందుకు? ఉన్నదంతా ఎంతసేపు వాడగలం? బిందె మోయగలం, గంటసేపు మోయగలమా? సగం వాడి సగం చేతిలో ఉంచుకుంటేనే సుఖం. అయిదులో సగం 2.5. నలభై అయిదేళ్ళప్పుడు సరిగ్గా హద్దు మీద ఉన్నాం. అదే సూదిలో దారం ఎక్కించడానికి 25 సెంటీమీటర్లకి తెచ్చుకుంటే 4 కావాలి, అప్పుడే చెయ్యి ముందుకి చాపుతాం. మనవాళ్ళు దీనికి చత్వారం అని పేరు పెట్టారు, సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. డయాప్టర్లు లేకుండానే వయసు పట్టేశారు. అయితే ఈ సర్దుబాటుని, అక్షరాన్ని కంటికి దగ్గరగా జరుపుకుంటూ కొలిస్తే అంకె కాస్త ఎక్కువే వస్తుంది. ఇందాకటి మరక లెక్క గుర్తుందా? కొంచెం మసకని మనం స్పష్టం కిందే జమ వేసుకుంటాం.

చివరగా, ఆ మూల నుంచి శుక్లం ఆపరేషను గురించి అడిగారు. మా అమ్మకి అయింది. తర్వాత ఇచ్చే కార్డు మీద లోపల పెట్టిన కటకం సామర్థ్యం +21 అని ఉంది. ఆవిడ కంగారుపడింది, ఇదేమిట్రా, నా అద్దాలు రెండున్నరే కదా, ఇరవై ఒకటి పెట్టేశారు అని. పెట్టాల్సింది అంతేనమ్మా, తీసేసిన కటకం కూడా దాదాపు అంతే అని చెప్పాను. కానీ ఈ కటకం ఉబ్బదు. దూరానికి సరిచేసి పెట్టారు కాబట్టి దగ్గరకి కళ్ళద్దాలు కావాలి. 40 సెంటీమీటర్లకి 2.5, అద్దాల రూపంలో. అదే లోపలి కటకాన్నే ఆ దగ్గర చూపుకి సరిపెట్టాలంటే? రెండున్నర చాలదు, ఇందాకటి లెక్కే, ఒకటిన్నర రెట్లు, 3.75. ఆపరేషను చేసేవాళ్ళకి ఈ ఒకటిన్నర రెట్లు చేతి లెక్క. అంటే ఇంచుమించు 25 పెట్టాలి. అప్పుడు పేపరుకి అద్దాలు అక్కర్లేదు గానీ దూరంగా వచ్చే బస్సు బోర్డు మసకేస్తుంది. అదంతా చెబితే మా అమ్మ అంది, నేనెక్కడికి వెళ్తానురా బస్సుల్లో, బియ్యంలో రాళ్ళు కనిపిస్తే చాలు నాకు, ఆ ముక్క ఆపరేషనుకి ముందు అడగొద్దూ!